చెవికి తెలిసి, కంటికి అందనిది: రక్తపాతం లేని హారర్ షార్ట్ ఫిల్మ్‌కు స్క్రిప్ట్ రాసే తీరు

హారర్ షార్ట్ ఫిల్మ్‌లో భయం పుట్టించడానికి రెండు దారులున్నాయి. ఒకటి, భయంకరమైనదాన్ని తెర మీద చూపించడం: నెత్తురు, గాయాలు, వికృతమైన ముఖం. రెండోది, అలాంటిదేదో అక్కడ ఉందని ప్రేక్షకుడికి తెలిసేలా చేసి, దాన్ని కంటికి అందకుండా ఉంచడం. మొదటి దారికి మంచి మేకప్, గ్రాఫిక్స్, వాటికి తగిన డబ్బు కావాలి. అవి కొంచెం తేడా కొట్టినా భయపడాల్సిన చోట జనం నవ్వుతారు. రెండో దారికి ఖర్చు తక్కువే గానీ, దానికి కావలసినదంతా షూటింగ్‌కు ముందే, కాగితం మీదే సిద్ధం కావాలి. చప్పుడు సంగతి తర్వాత ఆర్‌ఆర్‌లో చూసుకుందాం, ఫ్రేమ్ సంగతి కెమెరామన్ చూసుకుంటాడు అని వదిలేసిన స్క్రిప్ట్‌తో ఈ రకం సినిమా రాదు. ఇందులో చప్పుడే ఒక పాత్ర. ఫ్రేమ్‌లో ఏది కనిపించదన్నదే కథ.

చెవి అడిగే ప్రశ్న

కన్ను ఎదురుగా ఉన్నదాన్నే చూస్తుంది. చెవి అన్ని దిక్కుల నుంచీ వింటుంది. సినిమాలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే తెర అంచులు చూపును కత్తిరించేస్తాయి గానీ చప్పుడుకు అంచులు ఉండవు. ఒక చప్పుడు వినగానే మనసు వెంటనే రెండు ప్రశ్నలు వేసుకుంటుంది: ఏమిటది, ఎక్కడి నుంచి? వాటికి కన్ను జవాబు చెప్పగానే మనసు కుదుటపడుతుంది. జవాబు ఆలస్యమైన కొద్దీ ఉత్కంఠ పెరుగుతుంది. రచయిత పని ఆ రెండింటి మధ్య సమయాన్ని కొలిచి రాయడం.

సినిమాకు మాట వచ్చిన తొలి ఏళ్లలోనే ఈ కిటుకును జర్మన్ దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ పట్టుకున్నాడు. 1931లో వచ్చిన ‘ఎం’ సినిమాలో పిల్లల్ని చంపే హంతకుడు ఒక బాణీని ఈలగా వేస్తుంటాడు. కొంతసేపటికి మనిషి కనబడకపోయినా, ఈల వినబడితే చాలు, వాడు దగ్గర్లో ఉన్నాడని ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. చివరికి వాడిని గుర్తుపట్టేది కూడా బెలూన్లు అమ్మే ఒక గుడ్డివాడు, ఆ ఈలను బట్టే. అదే సినిమాలో బడి నుంచి రాని కూతురి కోసం తల్లి పేరు పెట్టి పిలుస్తుంటే, తెర మీద ఖాళీ మెట్లు, ఖాళీ అటక, భోజనాల బల్ల మీద ఎవరూ ముట్టని ఖాళీ పళ్లెం కనిపిస్తాయి. హత్యను ఎక్కడా చూపించరు. తల్లి పిలుపుకు జవాబు రాకపోవడమే ఆ వార్త చెబుతుంది.

1942లో వాల్ ల్యూటన్ నిర్మాతగా జాక్ టూర్నర్ తీసిన ‘క్యాట్ పీపుల్’ తక్కువ ఖర్చుతో తయారైన సినిమా. అందులో ఒక యువతి రాత్రిపూట పార్కు పక్క దారిలో ఒంటరిగా నడుస్తుంది. ఆమె మడమల టకటకల వెనకే ఇంకో జత మడమల చప్పుడు వినిపిస్తుంది. కాసేపటికి వెనక చప్పుడు ఆగిపోతుంది. చప్పుడు ఆగిపోవడమే అక్కడ అసలు భయం, ఎందుకంటే వెంబడించేది ఇప్పుడు ఏ రూపంలో ఉందో, ఎక్కడుందో చెవికి తెలియదు. ఆమె పరుగందుకుంటుంది. సరిగ్గా అప్పుడే పులి బుసలాంటి చప్పుడుతో ఒక బస్సు ఫ్రేమ్‌లోకి దూసుకొచ్చి ఆగుతుంది. అది బ్రేకుల చప్పుడు, అంతే. ఇలా ఉలిక్కిపడేలా చేసే పద్ధతికి ఆ నిర్మాత పేరు మీదనే ‘ల్యూటన్ బస్’ అన్న పేరు నిలిచిపోయింది. తర్వాత వచ్చిన చాలామంది ఆ బస్సును మాత్రమే నేర్చుకున్నారు. ఆ బస్సు పనిచేయడానికి కారణం దానికి ముందున్న రెండు జతల అడుగులు, వాటి మధ్య నిశ్శబ్దం. అవి లేకుండా హఠాత్తుగా పెద్ద చప్పుడు పెడితే ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు గానీ భయపడడు. పైగా ఉలిక్కిపాటు అప్పటిదాకా పోగైన ఉత్కంఠనంతా ఒక్క క్షణంలో ఖర్చు చేసేస్తుంది. ఏడెనిమిది నిమిషాల సినిమాలో దాన్ని మళ్లీ మొదటి నుంచి పోగుచేసే సమయం ఉండదు.

చప్పుడును ఎంచుకోవడం

ఈ రకం స్క్రిప్ట్ కథతో కాక ఒక చప్పుడుతో మొదలైతే పని సులువవుతుంది. ఎంచుకునే చప్పుడుకు మూడు గుణాలుండాలి. మొదటిది, అది ఇంట్లో రోజూ వినిపించే మామూలు చప్పుడై ఉండాలి. గుడ్లగూబ కూత, గాలి హోరు, ఏడుపు లాంటివి విని విని అరిగిపోయాయి; వినగానే ప్రేక్షకుడు ‘ఓహో, దెయ్యం సినిమా’ అని సర్దుకు కూర్చుంటాడు. రెండోది, దానికో లయ ఉండాలి. లయ ఉంటే తర్వాతి దెబ్బ ఎప్పుడు పడుతుందో చెవి ముందే ఎదురుచూస్తుంది, ఆ ఎదురుచూపును రచయిత వాడుకోవచ్చు. మూడోది, ఆ చప్పుడు చేయడానికి మనిషి చెయ్యి అవసరమై ఉండాలి. నల్లా నుంచి కారే చుక్కకు మనిషి అక్కర్లేదు. ఎవరో కూర్చుని చేస్తే తప్ప రాని చప్పుడు వినిపిస్తే, అక్కడ ఎవరో ఉన్నట్టే.

ఈ మూడూ ఉన్న ఒక చప్పుడుతో ఏడు నిమిషాల కథ ఎలా అల్లవచ్చో చూద్దాం. పళ్లు లేని ముసలివాళ్లు ఆకూవక్కా దంచుకోవడానికి చేతిలో ఇమిడే చిన్న ఇనుప రోలు వాడతారు. సన్నటి కడ్డీతో దంచుతారు, మధ్యమధ్యలో అంచులకు అంటుకున్నదాన్ని గీకి కిందికి తోస్తారు. దాని చప్పుడు ఇలా ఉంటుంది: టక్, టక్, టక్... గర్ర్. మూడు దెబ్బలు, ఒక గీకుడు. మళ్లీ మూడు దెబ్బలు, ఒక గీకుడు.

కథ ఇది. నాయనమ్మ పెద్దకర్మ అయిపోయాక, ఊళ్లోని పెంకుటిల్లు ఖాళీ చేయడానికి మనవరాలు శారద ఒక్కతే వస్తుంది. తెల్లారితే సామాన్ల బండి వస్తుంది. ఆ రాత్రి పక్కగదిలో ఎవరో ఆకూవక్కా దంచుతున్న చప్పుడు వినిపిస్తుంది.

చప్పుడుకు ఒక నియమం

చప్పుడు ఊరికే వినిపిస్తూ పోతే రెండు నిమిషాలకే అలవాటైపోతుంది. దానికి ఒక నియమం పెట్టాలి. 2013లో స్వీడన్ దర్శకుడు డేవిడ్ శాండ్‌బర్గ్ తన భార్య లోటా లోస్టెన్‌తో ఇంట్లోనే తీసిన ‘లైట్స్ అవుట్’ మూడు నిమిషాలు కూడా ఉండదు. అందులో ఒక్క మాట లేదు. దాని బలమంతా ఒక నియమంలో ఉంది: దీపం ఆరితే ఆకారం కనిపిస్తుంది, వెలిగితే మాయమవుతుంది. స్విచ్చి రెండుసార్లు నొక్కేసరికి ప్రేక్షకుడికి ఆట అర్థమవుతుంది. ఇక ప్రతిసారీ స్విచ్చి మీద వేలు పడటమే ఉత్కంఠ. తర్వాత 2016లో అదే దర్శకుడు ఆ ఊహను పూర్తి నిడివి సినిమాగా తీశాడు.

శారద కథలో నియమం ఇది: “నాయనమ్మా” అని పిలిస్తే దంచడం ఆగుతుంది. బతికున్నప్పుడు నాయనమ్మకు చెవుడు. ఎవరైనా పిలిస్తే, మాట సరిగ్గా వినడానికి దంచడం ఆపేది. ఈ అలవాటును ప్రేక్షకుడికి ముందే నేర్పాలి, కానీ ఎవరి చేతా చెప్పించకూడదు. అందుకు మొదటి నిమిషంలోనే ఒక ఏర్పాటు ఉంది. శారద తన ఫోన్‌లో దాచుకున్న పాత రికార్డింగ్ వింటుంది. అందులో నాయనమ్మ ఏదో చెబుతూ దంచుతుంటుంది. రికార్డింగ్‌లోని శారద గొంతు “నాయనమ్మా” అని పిలవగానే దంచడం ఆగుతుంది. “ఆఁ? ఏమన్నావే?” అంటుంది ముసలావిడ. ఈ పదిహేను సెకన్లలో ప్రేక్షకుడికి మూడు సంగతులు తెలిసిపోతాయి: ఆ చప్పుడు ఏమిటి, దాని లయ ఏమిటి, అది ఎప్పుడు ఆగుతుంది. పైగా అది ముచ్చటైన సన్నివేశం, ఎక్కడా భయం లేదు. భయం రాబోయే చప్పుడును ప్రేక్షకుడు తొలిసారి ప్రేమగా వినడం చాలా అవసరం.

ఆ వెంటనే రికార్డింగ్ అయిపోతుంది. ఫోన్ తెర ఆరిపోతుంది. తెర ఆరిన తర్వాత ఇంకో రెండు దెబ్బలు వినిపిస్తాయి.

నియమం పెట్టాక దాన్ని మూడు మెట్లుగా పెంచుకుంటూ పోవాలి. మొదటి మెట్టు అనుమానం: తను విన్నది నిజమా, భ్రమా? శారద పక్కింటి చప్పుడేమో అనుకుని కిటికీ మూస్తుంది. రెండో మెట్టు రుజువు: అన్నయ్యతో ఫోన్‌లో మాట్లాడుతుండగా అవతలి నుంచి అతనే అడుగుతాడు, “అర్ధరాత్రి ఏం దంచుతున్నావే?” మొత్తం సినిమాలో ముఖ్యమైన డైలాగ్ ఇదొక్కటే. అప్పటిదాకా భ్రమ అనుకునే వీలుంది, ఈ మాటతో ఆ తలుపు మూసుకుపోతుంది. మూడో మెట్టు, నియమం తిరగబడటం: శారద ఆ రోలును వెతికి ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేస్తుంది. పిలుస్తుంది. ఈసారి దంచడం ఆగదు. ప్రేక్షకుడు నమ్ముకున్న ఒకే ఒక రక్షణ పోయింది. ఇంతకు మించిన మలుపు ఏడు నిమిషాల్లో ఇమడదు, అవసరం కూడా లేదు.

ఫ్రేమ్‌లో ఏది దాచాలి

1968లో వచ్చిన ‘రోజ్‌మేరీస్ బేబీ’ గురించి దాని కెమెరామన్ విలియం ఫ్రేకర్ చెప్పిన సంగతి సినిమా పాఠాల్లో తరచూ వినిపిస్తుంది. పక్కగదిలో మంచం మీద కూర్చుని ఒకావిడ ఫోన్ మాట్లాడే షాట్‌లో ఆమె చక్కగా కనిపించేలా ఫ్రేకర్ కెమెరా పెట్టాడు. దర్శకుడు రోమన్ పొలాన్‌స్కీ దాన్ని పక్కకు జరిపించి, ఆమె ముఖం గుమ్మం చాటుకు వెళ్లేలా చేశాడు. ఎందుకో ఫ్రేకర్‌కు అప్పుడు అర్థం కాలేదు. సినిమా హాల్లో ఆ షాట్ రాగానే జనమంతా గుమ్మం అవతల ఏముందో చూడటానికన్నట్టు తలలు పక్కకు వంచారట. ముఖం చాటైతే, దాన్ని చూడాలన్న కోరిక ప్రేక్షకుడి ఒంట్లోకే వచ్చేస్తుంది.

స్క్రిప్ట్‌లో కెమెరా లెన్సులూ కోణాలూ రాయక్కర్లేదు. కానీ ప్రతి సీన్‌లోనూ ఏది కనబడుతుంది, ఏది కనబడదు అన్నది మాత్రం రచయితే తేల్చాలి. పెంకుటింటి కట్టుబడే ఇందుకు సాయం చేస్తుంది. హాలు, దాని పక్కన నాయనమ్మ గది, మధ్యలో తలుపు లేని గుమ్మం. హాల్లో దీపం ఉంటుంది, గదిలో ఉండదు. శారద ఫ్రేమ్‌కు కుడివైపు చివర కూర్చుంటే, ఎడమవైపు సగానికి పైగా ఆ చీకటి గుమ్మమే ఉంటుంది. అందులో ఏమీ లేదు. కానీ తెరలో అంత పెద్ద భాగాన్ని ఖాళీగా వదిలితే, ఏదో రావడానికే వదిలారని ప్రేక్షకుడు నమ్ముతాడు. శారద మాట్లాడుతున్నా అతని చూపు గుమ్మం మీదే ఉంటుంది. దీని కోసం స్క్రిప్ట్‌లో ఒక్క వాక్యం చాలు: ‘శారద కుడి చివర. మిగతాదంతా గుమ్మం.’

రెండో పద్ధతి, చప్పుడు వచ్చిన వైపును కాకుండా దాన్ని వింటున్న ముఖాన్ని చూపడం. చప్పుడు రాగానే గుమ్మం చూపిస్తే అక్కడ ఏమీ లేదని తేలిపోతుంది, ఉత్కంఠ పోతుంది. ముఖం చూపిస్తే, ఆమె చూస్తున్నదేమిటో ప్రేక్షకుడే ఊహించుకుంటాడు. 1963లో రాబర్ట్ వైజ్ తీసిన ‘ది హాంటింగ్’లో ఇద్దరు ఆడవాళ్లు గదిలో ఒకరినొకరు పట్టుకుని కూర్చుంటే బయట వరండాలో ఏదో గోడల్ని బాదుకుంటూ దగ్గరకు వస్తుంది. కెమెరా తలుపు దాటి అవతలికి వెళ్లదు. తలుపు ఇవతల ఉన్న భయమే సీన్ మొత్తాన్నీ నడిపిస్తుంది.

కెమెరా కదలికను ఎంత పొదుపుగా వాడితే అంత మంచిది. నిలకడగా ఉన్న ఫ్రేమ్ ఎవరి చూపూ కాదు. అది మెల్లగా కదలడం మొదలుపెట్టగానే, ఎవరో చూస్తున్నారన్న భావం కలుగుతుంది. అందుకే శారద కథలో కెమెరా మొదటి ఆరు నిమిషాలూ కదలదు. ఒకే ఒక్కసారి, చివరి షాట్‌లో, గుర్తుపట్టీ పట్టనంత నెమ్మదిగా ఆమె వైపు జరుగుతుంది.

పేజీ మీద ఎలా ఉంటుంది

‘భయంకరమైన శబ్దం వినిపిస్తుంది. శారద భయంతో వణికిపోతుంది.’ చాలా హారర్ స్క్రిప్టుల్లో ఇలాంటి వాక్యాలే ఉంటాయి. వీటితో ఎవరికీ పని జరగదు. భయంకరం అన్నది చప్పుడు గుణం కాదు, విన్నవాడికి కలగాల్సిన ఫలితం. సౌండ్ చేసేవాడికి కావలసింది ఏ వస్తువు, దేనికి తగిలి, ఎంత దూరంలో, ఎన్నిసార్లు మోగింది అన్న వివరం. నటికి కావలసింది ఏం చేయాలన్నది. ఫోన్ సీన్‌ను ఆ విధంగా రాస్తే ఇలా ఉంటుంది:

*లోపల. హాలు. రాత్రి.*

*శారద కుడి చివర, గోడకు ఆనుకుని. మిగతాదంతా చీకటి గుమ్మం. ఫ్యాను తిరుగుతోంది. బయట కీచురాళ్లు.*

*శారద (ఫోన్‌లో): బండి ఆరింటికి వస్తానన్నాడు అన్నయ్యా. పెద్ద పెట్టె ఒక్కటే మిగిలింది.*

*అన్నయ్య గొంతు ఫోన్‌లోంచి, సన్నగా. మాటలు తెలియవు. శారద నవ్వుతుంది.*

*కరెంటు పోతుంది. ఫ్యాను వేగం తగ్గుతూ ఆగుతుంది. ఫోన్ వెలుగులో ఆమె చెంప మాత్రమే.*

*ఫ్యాను పూర్తిగా ఆగాక:*

*టక్. టక్. టక్. (గుమ్మం అవతల, నేల మీంచి.) గర్ర్.*

*శారద కదలదు. గుమ్మం వైపు చూడదు.*

*అన్నయ్య (ఫోన్‌లో, స్పష్టంగా): అర్ధరాత్రి ఏం దంచుతున్నావే?*

*కీచురాళ్లు ఆగిపోతాయి. పన్నెండు సెకన్లు.*

*టక్. టక్.*

*శారద (మెల్లగా): నాయనమ్మా?*

*మూడో దెబ్బ పడదు.*

ఈ అర పేజీలో ప్రతి చప్పుడుకూ ఒక పని ఉంది. ఫ్యాను, కీచురాళ్లు మొదట్లోనే ఎందుకు రాశారంటే, తర్వాత వాటిని తీసేయడానికి. సినిమాలో నిశ్శబ్దం అంటే చప్పుడు లేకపోవడం కాదు, అప్పటిదాకా ఉన్న చప్పుడు పోవడం. ఫ్యాను ఆగితేనే గది ఎంత నిశ్శబ్దంగా ఉందో చెవికి తెలుస్తుంది. ఫ్యాను ఆగడానికి కరెంటు కోత ఉంది కాబట్టి ప్రేక్షకుడికి అనుమానం రాదు. కీచురాళ్లు ఆగడానికి మాత్రం ఏ కారణమూ లేదు. ఆ తేడా అతను ఆలోచించి పట్టుకోడు, ఒంటికి తెలుస్తుంది.

‘నేల మీంచి’ అన్న మాట కూడా అలాంటిదే. ముసలావిడ కింద కూర్చుని దంచేది. చప్పుడు నేల ఎత్తు నుంచి వస్తే అక్కడ కూర్చున్న మనిషి ఆకారం దానంతటదే మనసులో గీసుకుంటుంది. ఇక ‘గుమ్మం వైపు చూడదు’ అన్నది నటికి రాసిన సూచన. భయపడ్డ మనిషి ముందుగా చేసేది చూడటం కాదు, కదలకుండా ఉండటం. ఆమె చూడకపోతే ఆ పని ప్రేక్షకుడు చేయాల్సి వస్తుంది. ఫ్రేమ్‌లో సగానికి పైగా గుమ్మమే ఉంది మరి.

సమయం లెక్క

స్క్రీన్‌ప్లేలో ఒక పేజీ తెర మీద సుమారు ఒక నిమిషం అన్న లెక్క మామూలుగా నడుస్తుంది. ఈ రకం సినిమాకు అది సరిపోదు. ‘కీచురాళ్లు ఆగిపోతాయి’ అన్నది ఒక్క వాక్యమే, కానీ తెర మీద దానికి పన్నెండు సెకన్లు కావాలి. ఆ సంఖ్య రాయకపోతే ఎడిటింగ్‌లో అది మూడు సెకన్లు అవుతుంది, ఎందుకంటే ఎడిటింగ్ టేబుల్ దగ్గర ఏమీ జరగని షాట్ ఎవరికైనా పొడవుగానే అనిపిస్తుంది. అందుకే నిశ్శబ్దాల నిడివిని స్క్రిప్ట్‌లోనే సెకన్లతో రాసి, గడియారం పెట్టుకుని పైకి చదివి సరిచూసుకోవాలి. ఇలా చదివితే నాలుగున్నర పేజీల స్క్రిప్ట్ ఏడు నిమిషాలు రావచ్చు.

అన్ని నిశ్శబ్దాలూ ఒకే నిడివిలో ఉంటే ప్రేక్షకుడు వాటికీ అలవాటు పడతాడు. మొదటిది నాలుగు సెకన్లు, రెండోది పన్నెండు, మూడోది రెండే అయితే, ఆ మూడోది అతన్ని సిద్ధంగా లేనప్పుడు పట్టుకుంటుంది.

ఫోన్‌లో చూసేవాళ్లు

షార్ట్ ఫిల్మ్‌లు ఎక్కువమంది చూసేది ఫోన్‌లో. దీనివల్ల స్క్రిప్ట్ దశలోనే మూడు జాగ్రత్తలు అవసరం. ఫోన్ స్పీకర్‌లో మంద్రంగా గుంయ్‌మనే చప్పుళ్లు దాదాపు వినిపించవు. హాల్లో గుండెలు అదిరించే బరువైన హోరును నమ్ముకుని రాసిన సీన్, ఫోన్‌లో ఖాళీగా ఉంటుంది. ఇనుము మీద ఇనుము పడే టక్కుమన్న చప్పుడు ఏ స్పీకర్‌లోనైనా స్పష్టంగా వినిపిస్తుంది. రోలును ఎంచుకోవడానికి అదీ ఒక కారణం.

రెండోది దిక్కు. ఎడమ, కుడి తేడా హెడ్‌ఫోన్స్‌లో తెలుస్తుంది గానీ, చిన్న స్పీకర్‌లో తెలియదు. కాబట్టి చప్పుడు ఎటు నుంచి వచ్చిందో పాత్ర చూపులోనో, మెడ తిప్పడంలోనో చెప్పాలి. మూడోది చీకటి. ఫ్రేమ్ మొత్తం నల్లగా ఉంటే ఫోన్ తెర మీద చూసేవాడి ముఖమే ప్రతిబింబిస్తుంది, పైగా ఇంటర్నెట్‌లో పెట్టినప్పుడు చీకటి భాగాలు గళ్లుగళ్లుగా చెదురుతాయి. చీకటికి ఒక అంచు ఉండాలి: గుమ్మం చెక్క మీద పడ్డ కొద్దిపాటి వెలుగు, ఫోన్ కాంతిలో కనిపించే గోడ. వెలుగు ఎక్కడి నుంచి వస్తుందో స్క్రిప్ట్‌లో రాసి ఉంటే ఈ సమస్య సెట్‌లో రాదు.

తప్పు ఎక్కడుందో తెలుసుకోవడం

స్క్రిప్ట్ పూర్తయ్యాక షూటింగ్‌కు ముందే దాన్ని పరీక్షించే మార్గం ఉంది. ఒకరు చదువుతుంటే, ఇంకొకరు గిన్నె, గరిటె లాంటి వస్తువులతో చప్పుళ్లు చేయాలి. కథ తెలియని మూడో మనిషి కళ్లు మూసుకుని వినాలి. ఆ మనిషి చప్పుడు ఆగినప్పుడల్లా ఊపిరి బిగబడితే నియమం పనిచేస్తున్నట్టే. ‘ఇప్పుడు ఆగిందెందుకు?’ అని అడిగితే నియమాన్ని ముందుగా సరిగ్గా నేర్పలేదన్నమాట. రికార్డింగ్ సీన్‌కు తిరిగి వెళ్లి సరిచేయాలి.

రెండో పరీక్ష సంగీతానిది. స్క్రిప్ట్‌లో ‘టెన్షన్ మ్యూజిక్’ అని ఎక్కడ రాసి ఉందో వెతికి కొట్టేయాలి. కొట్టేశాక ఏ సీన్ చప్పగా అనిపిస్తుందో, ఆ సీన్‌లో చప్పుడుకూ ఫ్రేమ్‌కూ పని లేదని అర్థం. 1963లో ‘ది బర్డ్స్’కు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ మామూలు నేపథ్య సంగీతమే పెట్టలేదు. పక్షుల అరుపులు, రెక్కల చప్పుళ్లు ఎలక్ట్రానిక్ వాద్యంతో తయారు చేయించి, వాటినీ నిశ్శబ్దాన్నీ నమ్ముకున్నాడు. సంగీతం ఇక్కడ భయపడమని ముందే చెప్పేస్తుంది. దాంతో వినడానికి ప్రేక్షకుడికి ఏమీ మిగలదు.

తరచూ కనిపించే ఇంకో తప్పు, వివరణ. నాయనమ్మ ఎందుకొచ్చింది, ఆమెకు తీరని కోరిక ఏమిటి అని చెప్పడానికి ఒక పూజారినో, పక్కింటామెనో తెచ్చి రెండు నిమిషాలు మాట్లాడిస్తారు. కారణం తెలిసిన చప్పుడు సమస్య అవుతుంది, సమస్యకు పరిష్కారం ఉంటుంది, భయం పోతుంది. రెండు గంటల సినిమాకు ఆ కథ కావాలేమో గానీ, ఏడు నిమిషాల సినిమాకు అక్కర్లేదు.

ముగింపు రాయడం

చివరికి చూపించాలా వద్దా అన్న ప్రశ్న ఈ రకం స్క్రిప్ట్ రాసే ప్రతివారికీ ఎదురవుతుంది. ‘లైట్స్ అవుట్’ చివర ఆకారాన్ని చూపిస్తుంది. దాని నియమమే కనిపించడం, మాయమవడం కాబట్టి అది న్యాయం. చెవి మీద నడిచిన కథ చెవితోనే ముగియాలి. శారద కథలో నియమం తిరగబడ్డాక, రోలు ట్రంకుపెట్టెలో తాళం కింద ఉంది. శారద పెట్టె మీదే కూర్చుని గుమ్మాన్ని చూస్తోంది. ఆమె పిలిచినా దంచడం ఆగలేదు. అప్పుడు చప్పుడు చోటు మారుతుంది. గుమ్మం అవతల నుంచి కాదు, ఆమె కూర్చున్న పెట్టెలోంచి కూడా కాదు, కెమెరా ఉన్న వైపు నుంచి. శారద మెల్లగా తల తిప్పి నేరుగా ప్రేక్షకుడి వైపు, కొంచెం కిందికి, నేల ఎత్తుకు చూస్తుంది. టక్. టక్. తెర నల్లబడుతుంది. మూడో దెబ్బ ఇవ్వాలా, వద్దా?

ఇస్తే లయ పూర్తవుతుంది, సినిమా అయిపోయిందని చెవికి తెలుస్తుంది. ఇవ్వకపోతే, ఆరు నిమిషాలుగా మూడు లెక్కపెట్టడం అలవాటైన చెవి దాని కోసం వేచి ఉంటుంది. ఈ కథకు రెండోదే సరైనది. కానీ అది పనిచేయాలంటే అంతకుముందు కనీసం నాలుగైదు సార్లు మూడు దెబ్బలూ, గీకుడూ పూర్తిగా వినిపించి ఉండాలి. ఫోన్ సీన్‌లో మూడో దెబ్బ ఆగినప్పుడు అందుకు కారణం ఉంది, శారద పిలిచింది. చివర్లో ఎవరూ పిలవలేదు. అయినా ఆగింది. ఆ తేడా ప్రేక్షకుడికి అందిందంటే స్క్రిప్ట్ తన పని పూర్తి చేసినట్టే.

స్క్రిప్ట్‌తో పాటు రచయిత ఇంకొక కాగితం కూడా సిద్ధం చేసి ఇవ్వాలి. అది చప్పుళ్ల జాబితా: ఏ సీన్‌లో ఏ చప్పుడు, ఏ వస్తువుతో, ఎక్కడి నుంచి, ఎన్ని సెకన్లు. రోలు చప్పుడును షూటింగ్‌కు ముందే ఆ ఇంట్లోనే, దగ్గర నుంచీ పక్కగది నుంచీ విడివిడిగా రికార్డు చేసుకోవాలి. అది సెట్‌లో వినిపిస్తే నటి ఊహించుకుని ఉలిక్కిపడనక్కర్లేదు, నిజంగా వింటుంది. ఆ టేక్ మాటలను తర్వాత డబ్బింగ్ చెప్పించుకోవచ్చు. మనుషులంతా కదలకుండా నిలబడ్డప్పుడు ఖాళీ గది చప్పుడును ఒక నిమిషం పాటు విడిగా పట్టుకోవాలి. స్క్రిప్ట్‌లో సెకన్ల లెక్కన రాసుకున్న నిశ్శబ్దాలన్నీ ఎడిటింగ్‌లో ఆ ఒక్క నిమిషంలోంచే తయారవుతాయి.